వేడెక్కితే ఆగిపోయి, చల్లారితే స్టార్టయ్యే కారు: తప్పు దొరికేది ఆగి ఉన్న ఆ కాసేపట్లోనే

ప్రశ్న: సార్, నాది 2014 మోడల్ పెట్రోల్ కారు, మామూలు గేర్ల బండి. ఉదయం మధురవాడలో బయలుదేరినప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. మధ్యాహ్నం ఏసీ వేసుకుని గాజువాక వెళ్తుంటే మాత్రం ఎన్ఏడీ జంక్షన్ దగ్గరికొచ్చేసరికి ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఇరవై నిమిషాలు పక్కన పెడితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. పెట్రోల్ పంపు, ప్లగ్గులు, ఫిల్టర్ మార్పించాను. స్కానర్ పెడితే కోడ్ ఏదీ రాలేదు. ఇప్పుడు మా మెకానిక్ ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీఎం, పోయిందంటున్నాడు. వచ్చే వారం ఇంట్లోవాళ్లతో అరకు వెళ్లాలి. ఏం చేయమంటారు? — ఒక పాఠకుడు, మధురవాడ

సమాధానం: ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది పాడవదని కాదు. కానీ అది చివరగా అనుమానించాల్సిన భాగం, అంతకుముందు చూడాల్సినవాటిని మీ బండిలో ఇంకా ఎవరూ చూడలేదు. అరకు ప్రయాణం మాత్రం వాయిదా వేసుకోండి, లేదా వేరే బండిలో వెళ్లండి. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక ఏ మలుపులోనో ఇంజిన్ ఆగిపోతే ఇంట్లోవాళ్లను పెట్టుకుని అక్కడ పడే టెన్షన్ వేరు.

నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ మీద. రెండోది ఇగ్నిషన్ మాడ్యూల్ మీద, అయితే మీ బండి మోడల్‌ని బట్టి చూస్తే అది కాస్త దూరపు అనుమానమే. ఎందుకో తర్వాత చెబుతాను. ఈ రెండింటికీ ఒకే దుర్గుణం ఉంది. చల్లగా ఉంటే పరీక్షకు చక్కగా నిలబడతాయి. మీరు బండిని షెడ్డుకు తీసుకెళ్లేసరికి అది చల్లారిపోతుంది, మెకానిక్ ఏది కొలిచినా సరిగ్గానే కనిపిస్తుంది. అప్పుడిక ఊహ మీద ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతారు. మీకు జరిగింది అదే. కాబట్టి ఇంజిన్ ఆగిపోయి, స్టార్ట్ కాకుండా మొండికేసిన ఆ ఇరవై నిమిషాల్లోనే మనం నాలుగు సంగతులు పట్టుకోవాలి.

ముందు క్రాంక్ సెన్సార్ ఏం చేస్తుందో చూద్దాం. ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌కు ఒక పళ్ల చక్రం ఉంటుంది. దాని పక్కనే, మిల్లీమీటరు అటూ ఇటూ దూరంలో, ఈ సెన్సార్ బిగించి ఉంటుంది. చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్ను దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా సెన్సార్ ఒక చిన్న కరెంటు అల పంపుతుంది. చక్రంలో ఒకటో రెండో పళ్లు కావాలనే లేకుండా చేస్తారు. ఆ ఖాళీ వచ్చినప్పుడు పిస్టన్ ఎక్కడుందో ఈసీఎంకు తెలుస్తుంది. ప్లగ్గుకు ఏ క్షణాన కరెంటు ఇవ్వాలి, ఇంజెక్టర్‌ని ఎప్పుడు తెరవాలి అనేది ఈసీఎం ఈ అలలను చూసే నిర్ణయిస్తుంది. అలలు ఆగిపోయాయంటే ఈసీఎం దృష్టిలో ఇంజిన్ తిరగడం లేదు. తిరగని ఇంజిన్‌కు పెట్రోలు గానీ కరెంటు గానీ ఇవ్వదు. క్యామ్ సెన్సార్ సాయంతో ఎలాగో నెట్టుకొచ్చే బండ్లు కొన్ని ఉన్నాయి గానీ, చాలా బండ్లు అక్కడే ఆగిపోతాయి.

రెండు వైర్ల రకం సెన్సార్‌లో, ఒక అయస్కాంతం చుట్టూ వెంట్రుకలాంటి సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఆ తీగ ఎక్కడో ఒకచోట విరుగుతుంది, లేదా లోపలి అతుకు వదులవుతుంది. చల్లగా ఉన్నప్పుడు విరిగిన కొసలు ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. వేడికి లోపలి ప్లాస్టిక్ వ్యాకోచించగానే ఎడమవుతాయి. చల్లారగానే మళ్లీ కలుస్తాయి. మీ బండి ఆగడం, మళ్లీ స్టార్టవడం వెనక ఉన్న కథ బహుశా ఇంతే.

ఎన్ఏడీ దగ్గరే ఎందుకంటారా? ఆ జంక్షన్‌లో దయ్యమేమీ లేదు. హైవే మీద పోతున్నంతసేపు బానెట్ కింద గాలి ఆడుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మధ్యాహ్నపు ఎండలో, ఏసీ భారంతో నిలబడి ఉంటే ఆ గాలి ఉండదు. ఇంజిన్ బ్లాకు వేడి, ఎగ్జాస్ట్ వేడి సెన్సార్‌కు ఎక్కుతాయి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఇంజిన్ ఆపేశాక మొదటి పది పదిహేను నిమిషాలు బానెట్ కింద వేడి తగ్గదు, పెరుగుతుంది. నీళ్ల ప్రసరణ ఆగిపోతుంది, గాలి ఉండదు, బ్లాకులోని వేడంతా చుట్టూ ఉన్నవాటికి పాకుతుంది. అందుకే బంకులో పెట్రోలు కొట్టించుకుని, పక్కన టీ తాగి వచ్చి తాళం తిప్పితే స్టార్ట్ కాని బండ్లు కూడా ఉంటాయి. మీ బండి అలా ఎప్పుడైనా చేసిందేమో గుర్తు తెచ్చుకోండి. చేసి ఉంటే సెన్సార్ మీద అనుమానం ఇంకొంచెం పెరుగుతుంది.

కోడ్ రాకపోవడం చూసి సెన్సార్ బాగుందనుకోకండి. క్రాంక్ సెన్సార్‌కు సంబంధించి స్కానర్‌లో మామూలుగా కనిపించే కోడ్లు P0335, P0336, P0339. చివరిది సిగ్నల్ వచ్చిపోతూ ఉంటే పడేది. అయితే సిగ్నల్ ఒక్కసారిగా ఆగిపోతే, డ్రైవరే ఇంజిన్ ఆపేశాడని అనుకునే ఈసీఎంలు చాలా ఉన్నాయి. అవి కోడ్ రాసుకోవు. సెల్ఫ్ కాసేపు తిప్పినా అలలు రాకపోతే అప్పుడు రాసుకునేవి ఉన్నాయి. మీ విషయంలో మరొకటి కూడా జరిగి ఉండొచ్చు. పంపు మార్చేటప్పుడు బ్యాటరీ వైరు తీసే ఉంటారు. చాలా బండ్లలో దాంతో పాత కోడ్లు చెరిగిపోతాయి. ఇకమీదట ఎవరు బండి ముట్టుకున్నా బ్యాటరీ తీయకముందే స్కాన్ చేయమనండి.

ఇక ఆ పంపు సంగతి. మార్చడానికి కారణం ఏం చెప్పారో మీరు రాయలేదు. నా ఊహ ఇది: బండి ఆగి ఉన్నప్పుడు సెల్ఫ్ తిప్పి చూసి ఉంటారు, పంపు తిరిగే చప్పుడు వినిపించి ఉండదు, పంపు పోయిందని తేల్చి ఉంటారు. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఆ తర్వాత క్రాంక్ సెన్సార్ నుంచి అలలు వస్తేనే ఈసీఎం పంపు రిలేకు మళ్లీ కరెంటు ఇస్తుంది. ప్రమాదంలో పైపు తెగినా పెట్రోలు కారిపోకుండా ఉండాలని పెట్టిన ఏర్పాటు ఇది. కాబట్టి సెన్సార్ చచ్చిపోతే పంపు కూడా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. పాపం, ఎన్నో మంచి పంపులు ఇలాగే పాతసామాను కొట్టుకు చేరాయి.

ఇప్పుడు ఆగిపోయే తీరు చూద్దాం. ఇది మీరే, ఏ పరికరమూ లేకుండా చూడగలిగింది. పెట్రోలు అందక ఆగే ఇంజిన్ చప్పున ఆగదు. ముందు ఆయాసపడుతుంది, కుదుపులిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినా లాగదు, ఆ తర్వాత ఆగుతుంది. క్రాంక్ సెన్సార్ గానీ ఇగ్నిషన్ గానీ పోతే తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్క క్షణంలో ఆగిపోతుంది. మీరు ‘ఉన్నట్టుండి’ అని రాశారు కాబట్టే నేను పంపును పక్కన పెట్టాను.

ఈసారి అలా ఆగినప్పుడు, బండి ఇంకా దొర్లుతూ ఉంటే, రోడ్డు ఖాళీగా ఉండి భద్రంగా అనిపిస్తేనే, క్లచ్ తొక్కకుండా ఒక్క క్షణం ఆర్పీఎం ముల్లు చూడండి. బండి గేరులో ఉంది కాబట్టి చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. అంటే ఇంజిన్ లోపల మంట లేకపోయినా క్రాంక్ తిరుగుతూనే ఉంది, ముల్లు వెయ్యో పదిహేను వందలో చూపించాలి. ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు సున్నాకు పడిపోయి, మిగతా మీటర్లు, లైట్లు మామూలుగా ఉంటే, అలలు ఈసీఎంకు చేరడం లేదని అర్థం. ముల్లు పైనే నిలబడి బండికి మాత్రం లాగుడు లేకపోతే సెన్సార్ నిర్దోషి. అప్పుడు ఇగ్నిషన్ వైపో పెట్రోలు వైపో వెతకాలి. మీటరు బోర్డంతా ఒక్కసారి ఆరిపోతే మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. మూడు రకాల తప్పులకు మూడు రకాల గుర్తులు, అదీ పైసా ఖర్చు లేకుండా. కొన్ని పాత బండ్లలో ముల్లు కాయిల్ నుంచి నడుస్తుంది కాబట్టి అక్కడ ఈ పరీక్ష నమ్మలేం. మీ మోడల్‌లో ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు.

ఆ చూపు చూశాక వెంటనే బండిని పక్కకు తీసుకోవడం మీదే ధ్యాస పెట్టండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, తిరగకుండా మాత్రం పోదు. బ్రేకు బూస్టర్‌లో ఒకటి రెండు సార్లు తొక్కడానికి సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది. పదేపదే తొక్కి వదిలితే అది అయిపోతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఒక్కసారే తొక్కి పట్టుకోండి. బండి పూర్తిగా ఆగకుండా తాళం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

పక్కన ఆపాక చేయాల్సింది ఇది. ఇంజిన్ అంకెలను ఫోన్‌కు పంపే, చవకలో దొరికే బ్లూటూత్ ఓబీడీ ముక్క ఒకటి కొని కారులో పెట్టుకోండి. దాన్ని స్టీరింగ్ కింద ఉండే పోర్టులో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిచి, లైవ్ డేటాలో RPM అనే అంకె ఒక్కటి పెట్టుకోండి. బండి మొండికేసి ఉన్నప్పుడు, చల్లారేలోపు, మీరు సెల్ఫ్ కొట్టండి, పక్కనున్నవాళ్లను ఆ అంకె చూడమనండి. సెల్ఫ్ తిప్పే ఇంజిన్ సాధారణంగా 150 నుంచి 300 దాకా చూపిస్తుంది. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా అంకె సున్నాగానే ఉంటే సెన్సార్, దాని వైరు, దాని కప్లర్, ఈ మూడింటిలో ఒకటి. అంకె 200 దగ్గర ఆడుతూ కూడా ఇంజిన్ అందుకోకపోతే సెన్సార్‌ను వదిలేసి ముందుకు వెళ్లాలి. ఆ స్క్రీన్‌ను వీడియో తీసుకుంటే ఇంకా మంచిది. మెకానిక్ ముందు వాదన పెట్టుకునే కంటే ఆ వీడియో చూపించడం సులువు. సెల్ఫ్‌ను ఒక్కోసారి ఏడెనిమిది సెకన్లకు మించి తిప్పకండి, మధ్యలో అర నిమిషం ఆపండి.

అంకె సున్నా వచ్చిందనుకోండి. మీ బండిలో సెన్సార్ చేతికి అందేచోట ఉంటే ఇంకో గట్టి రుజువు దొరుకుతుంది. కొన్ని బండ్లలో అది ముందు వైపు, బెల్టులు తిరిగే పుల్లీ దగ్గర ఉంటుంది. కొన్నింటిలో గేర్‌బాక్స్ ఇంజిన్‌ను కలిసే చోట ఉంటుంది. ఎక్కడుందో ముందే మెకానిక్‌తో చూపించుకోండి. తాళం తీసేసి, చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను సెన్సార్ మీద మాత్రమే రెండు నిమిషాలు కప్పి, తీసేసి సెల్ఫ్ కొట్టండి. మామూలుగా ఇరవై నిమిషాలు మొరాయించే బండి నాలుగో నిమిషంలో అందుకుందంటే దొంగ దొరికినట్టే. సీసాతో నీళ్లు మాత్రం పోయకండి. కాలుతున్న ఎగ్జాస్ట్ మీద, బ్లాకు మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. తాళం తీసినా కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. చెయ్యి, గుడ్డ దాని దరిదాపుల్లో ఉండకూడదు. సెన్సార్ బండి అడుగు వైపు ఉంటే ఈ ప్రయత్నమే వద్దు, రోడ్డు పక్కన బండి కిందకు దూరడం ప్రమాదం.

ఇప్పటిదాకా చెప్పింది మీ పని. ఇక్కడి నుంచి ఆటో ఎలక్ట్రీషియన్ పని, కానీ అతను ఏం చేస్తున్నాడో మీకు అర్థమవ్వాలి కాబట్టి రాస్తున్నాను. కంచరపాలెం వైపు నుంచి ఇలాంటి లక్షణాలతోనే ఒక కారు మా దగ్గరికి వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ 860 ఓమ్‌లు చూపించింది. ఆ మోడల్‌కు అది సరైన అంకె. అంతకుముందు చూసినవాళ్లు అక్కడితోనే ‘సెన్సార్ బాగుంది’ అని వదిలేశారు. మేం దాన్ని విప్పి, మీటరు పిన్నులు గుచ్చే ఉంచి, హీట్ గన్‌తో దూరం నుంచి మెల్లగా వేడి చేశాం. అంకె నెమ్మదిగా పెరుగుతూ వెయ్యి దాటింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. అంకె అలా పెరగడం తప్పు కాదు. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 860 ఉన్నది 95 డిగ్రీల దగ్గర 1080 ఓమ్‌ల చుట్టుపక్కలకు రావాలి. అది తెలియక, అంకె పెరిగిందని మంచి సెన్సార్‌ను పారేసేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది పెరగడాన్ని కాదు, ఉన్నట్టుండి ఎగరడాన్ని. ఆ కారు సెన్సార్ 1050 దాకా వచ్చి, అక్కడ ఒక్కసారిగా స్క్రీన్ మీద OL అని చూపించింది. అంటే లోపల తీగ తెగింది. పక్కన పెట్టి చల్లారనిస్తే కాసేపటికి మళ్లీ మామూలు అంకెకు వచ్చింది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ OL. ఇక అనుమానమే లేదు. అంకె అలా ఎగరకుండా, ఉండాల్సిన దానికంటే బాగా పడిపోయినా తప్పే. తీగ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే అలా జరుగుతుంది.

ఈ ఓమ్‌ల పరీక్ష రెండు వైర్ల సెన్సార్‌కే. మూడు వైర్లుంటే అది చాలావరకు హాల్ రకం. దాని లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది, ఓమ్‌లు కొలవడం వల్ల తేలేది ఏమీ లేదు. దానికి తాళం ఆన్‌లో ఒక వైరులో సరఫరా వస్తోందా, బండిని బట్టి 5 వోల్టులో 12 వోల్టులో, ఒకటి సరైన ఎర్తేనా, సెల్ఫ్ తిప్పితే మూడో వైరులో అల ఎగిరి పడుతోందా అని చూడాలి. అదీ వేడి మీద ఉన్నప్పుడే. అయితే మూడు వైర్లున్నా మూడోది ఉత్త కవచం వైరుగా ఉండే రెండు వైర్ల రకాలు కూడా ఉన్నాయి. వైర్లు లెక్కపెట్టి ఊరుకోకుండా బండి డయాగ్రం చూడటం మంచిది.

ఇక ఇగ్నిషన్ మాడ్యూల్. కాయిల్‌కు వెళ్లే కరెంటును క్షణానికోసారి తెంపుతూ కలిపే ట్రాన్సిస్టర్ ఇందులో ఉంటుంది. పనిచేస్తున్నంతసేపు అది తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి దాన్ని లోహపు పలక మీద, మధ్యలో తెల్లటి థర్మల్ పేస్టు రాసి బిగిస్తారు. పేస్టు ఎండిపోయినా, లోపలి సోల్డరు పగిలినా, వేడికి ఆగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బండ్లలో ఇది ఒక్కటే నాలుగు సిలిండర్లకూ పనిచేస్తుంది, అది పోతే ఇంజిన్ మొత్తం ఆగిపోతుంది. అలాంటి పాత బండి ఒకటి, రెండుసార్లు మాడ్యూల్ మార్చినా మళ్లీ మళ్లీ ఆగుతోందని వచ్చింది. ఆగి ఉన్నప్పుడు చూస్తే ఇంజెక్టర్లు కొట్టుకుంటున్నాయి, స్కానర్‌లో RPM వస్తోంది, ప్లగ్గుకు మాత్రం కరెంటు లేదు. విప్పి చూస్తే కొత్త మాడ్యూల్ కింద పేస్టే లేదు. పాత పేస్టు గీకకుండా, తుప్పు మీదే బిగించేశారు. పలక శుభ్రం చేసి, పలుచగా పేస్టు రాసి, ఇంకో మంచి మాడ్యూల్ బిగించాక సమస్య తీరింది.

మీ 2014 మోడల్‌లో చాలావరకు ప్రతి ప్లగ్గు మీదా ఒక్కో కాయిల్ ఉంటుంది, మాడ్యూల్ ఆ కాయిల్‌లోనే ఉంటుంది. అలాంటప్పుడు ఒకటి వేడికి పోతే ఆ ఒక్క సిలిండరే ఆగుతుంది. బండి గడగడ వణుకుతూ, చెక్ ఇంజిన్ లైటు వెలిగించుకుని నడుస్తుంది గానీ పూర్తిగా ఆగదు. P0300 వరసలోనో P0351 వరసలోనో కోడ్ కూడా రావాలి. నాలుగూ ఒకేసారి పోవడం అరుదు. అందుకే ముందు దూరపు అనుమానం అన్నాను. ఒకవేళ మీ బండిలో నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకే కాయిల్ ప్యాక్ ఉంటే మాత్రం అనుమానం దగ్గరకొస్తుంది. బానెట్ తీస్తే తెలిసిపోతుంది. ప్లగ్గుల మీద నేరుగా నల్లటి దిమ్మెలు కూర్చుని ఉంటే విడి కాయిళ్లు. ఒకే పెట్టె నుంచి లావుపాటి వైర్లు వస్తుంటే ప్యాక్.

ప్లగ్గుకు కరెంటు ఉందో లేదో చూడటం మీరు చేయకండి. అది వేల వోల్టుల వ్యవహారం. ఎలక్ట్రీషియన్ అయితే స్పార్క్ టెస్టర్‌తో, ఇంజెక్టర్ కప్లర్లు తీసేసి చూస్తాడు. వైరు కొస గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టే పాత అలవాటును ఈ బండ్ల మీద చూపించనివ్వకండి. అలా చేస్తే బాగున్న మాడ్యూల్ కూడా పోతుంది.

సెన్సార్ అని తేలినా, మార్చేముందు వైరు, కప్లర్ చూడకపోతే పని సగమే. మన సముద్రపు గాలికి కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడం కొత్తేమీ కాదు, బీచ్ రోడ్డు పక్కన బయటే నిలిపే బండ్లలో ఇంకా ఎక్కువ. కప్లర్ తీసి వెలుతురులో చూడాలి, పిన్ను రంగు మారినా, వదులుగా ఉన్నా దాన్నే బాగుచేయాలి. సెన్సార్ నుంచి ఈసీఎం దాకా వైరును చేత్తో తడుముతూ వెళ్లాలి. ఎగ్జాస్ట్ దగ్గర క్లిప్పు ఊడి, వైరు దాని మీద వాలి, తొడుగు కరిగి ఉంటే కొత్త సెన్సార్ వేసినా బండి అలాగే ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు వైరును మెల్లగా కదిలిస్తూ సెల్ఫ్ కొడితే RPM అంకె వచ్చి పోతుంటే తప్పు వైరులోనే ఉంది.

సెన్సార్ కొనేటప్పుడు పార్ట్ నంబరు చూసి కొనండి. చూడటానికి ఒకేలా ఉండే డూప్లికేట్లలో కొన ఒక మిల్లీమీటరు పొట్టిగా ఉంటే చాలు, పళ్ల చక్రానికి దూరం పెరిగి అల బలహీనమవుతుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగే ఉదయం పూట స్టార్ట్ కాక ఇంకో కొత్త తలనొప్పి మొదలవుతుంది. విప్పిన పాత సెన్సార్ కొనను కూడా చూడండి. అయస్కాంతం కాబట్టి దానికి ఇనుప రజను అంటుకుని ఉంటుంది. కొద్దిగా ఉంటే తుడిచేయొచ్చు, ముద్దగా ఉంటే అది ఎక్కడి నుంచి రాలుతోందో వెతకాలి. కొత్తది బిగించే చోట మట్టి, తుప్పు లేకుండా తుడవాలి, సరిగ్గా కూర్చోకపోతే దూరం మారుతుంది. కొన్ని మోడళ్లలో సెన్సార్ మార్చాక స్కానర్‌తో రీలెర్న్ చేయాలి, అంటే కొత్త సెన్సార్‌ను ఈసీఎంకు అలవాటు చేయాలి. మీ బండికి అవసరమా అని అడిగి, అవసరమైతే అక్కడే చేయించుకోండి. పాత సెన్సార్‌ను వదిలి రాకండి, కవర్‌లో వేసి ఇమ్మనండి. హీట్ గన్ పరీక్ష దాని మీద ఇంకా చేయకపోయి ఉంటే మీ ముందే చేయించి చూడండి.

పని అయ్యాక పొద్దున్నే ఒక రౌండ్ వేసి బాగైపోయిందనుకోవద్దు, పొద్దున్న బండి ముందూ బాగానే ఉండేది. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని మధురవాడ నుంచి గాజువాక దాకా వెళ్లండి. అక్కడ ఇంజిన్ ఆపి, బానెట్ తెరవకుండా పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టండి. తిరుగు దారిలో కూడా ఓబీడీ ముక్క గుచ్చి ఉంచి RPM అంకె మధ్యలో ఎక్కడైనా ఒక్కసారి సున్నాకు పడి లేస్తోందేమో పక్కవాళ్లను గమనించమనండి. ఇలా రెండు మూడు మధ్యాహ్నాలు గడిచాక అరకు గురించి ఆలోచించండి. అప్పటికీ ఆగితే, RPM అంకె నిలబడి ఉండగానే ఆగిందా, పడిపోయాక ఆగిందా అన్నది రాసి పంపండి. నిలబడి ఉంటే పంపు రిలే సోల్డర్లు విప్పి చూడాలి. పడిపోతుంటే, కొత్త సెన్సార్, మంచి వైరు ఉండి కూడా పడిపోతుంటే, మీ మెకానిక్ చెప్పిన ఈసీఎం మాట అప్పుడు వినొచ్చు.